ఎలక్ట్రెట్ మైక్ మూగబోతే: నా అనుభవం

విశాఖలో డాబాగార్డెన్స్‌లో కొన్న చిన్న ఎలక్ట్రెట్ మైక్‌ను నేరుగా యాంప్లిఫైయర్‌కి కలిపితే మాట అస్సలు రాలేదు. కొత్త మైక్, కొత్త వైరు, ఎక్కువ గెయిన్, ఏదీ పనిచేయలేదు.

అసలు కారణం, మైక్ లోపలి ట్రాన్సిస్టర్‌కి కరెంటే అందడం లేదు. ముందు మీటర్‌తో చూసి, డబ్బా లోహానికి కలిసిన కాలును గ్రౌండ్‌కి ఇచ్చాను. రెండో కాలుకి 5 వోల్టుల నుంచి 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టాను. ఆ కాలు దగ్గర 3.4 వోల్టులు చూపించింది, అంటే రెసిస్టర్‌లో సుమారు 0.34 మిల్లీఆంపియర్లు పారుతున్నాయి. పూర్తి 5 వోల్టులే కనిపిస్తే మైక్ కరెంటు తీసుకోనట్టే. సున్నాకి దగ్గరైతే షార్ట్ కోసం వెతకాలి. చివరగా అదే కాలు నుంచి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా యాంప్లిఫైయర్‌కి ఇచ్చాను. మాట స్పష్టంగా వినిపించింది, ఎంత సంతోషమేసిందో!

ఇది రెండు కాళ్ల మైక్‌కే. మీ మైక్, సప్లై వేరైతే రెసిస్టర్ విలువ కూడా మారవచ్చు.