మాక్‌లో 610, నీట్‌లో 540: తేడా మీ పేపర్లోనే ఉంది

ఏటా ఇదే ఫిర్యాదు. మాక్ టెస్టుల్లో 600 దాటుతూ వచ్చిన పిల్లలు అసలు నీట్‌లో 50, 70 మార్కులు కిందికి జారిపోతారు. అందరూ టెన్షన్ అంటారు, ఆరోజు ఆరోగ్యం బాగాలేదంటారు. ఒకరిద్దరి విషయంలో అది నిజం కావచ్చు. క్లాసులో సగం మంది ఒకే లెక్కన జారితే మాత్రం మీరు తయారుచేసిన పేపరే వాళ్లకు తప్పుడు లెక్క చెప్పిందని అర్థం.

నీట్ పేపర్ ఎలా ఉంటుందో మీకు తెలుసు కాబట్టి ఒక్క మాటలో చెప్తాను. 2025 నుంచి మళ్లీ 180 బిట్లు, 180 నిమిషాలు, ఆప్షనల్ బిట్లు లేవు. రైటుకు 4, తప్పుకు మైనస్ 1. మీ దగ్గర ఇంకా 200 బిట్ల పాత ఫార్మాట్ తిరుగుతుంటే ముందు దాన్ని పక్కన పడేయండి.

పిల్లలు అరగంట ముందే ముగించేస్తున్నారు

దీనికి వెతకాల్సిన కారణం పెద్దగా ఏమీ ఉండదు. ఆ పేపర్‌ని ఎవరూ మొదటి బిట్ నుంచి 180వ బిట్ దాకా ఒకే కూర్చోవడంలో చేసి చూడలేదు, అంతే. ఫిజిక్స్ సార్ తన 45, కెమిస్ట్రీ మేడమ్ తన 45, బయాలజీ వాళ్లు తమ 90 పంపిస్తారు, డీటీపీలో అతికిస్తారు, ప్రింటుకు పోతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పని మాత్రం ఎవరూ చెయ్యరు! ఒక్కరు, ఆ బిట్లు రాయనివాళ్లు, గడియారం పెట్టుకుని, బాల్ పెన్నుతో ఓఎంఆర్ నింపుతూ మొత్తం పేపర్ చెయ్యాలి. బిట్‌కి 5 సెకన్లు వేసుకున్నా బబ్లింగ్‌కే 15 నిమిషాలు పోతాయి, ఆన్సర్లు పేపర్ మీదే టిక్ పెట్టించే మాక్‌లో ఆ 15 నిమిషాలు పిల్లలకు ఉచితంగా వచ్చేస్తాయి. కీలో తప్పులు కూడా ఈ పనిలోనే దొరుకుతాయి. పెట్టే టైము కూడా మధ్యాహ్నం 2 నుంచి 5, పొద్దున 9కి కాదు.

టైము సరిగ్గానే పడుతోంది, అయినా మాక్ మార్కులు ఎక్కువ వస్తున్నాయి

నన్ను రెండేళ్లు తిప్పలు పెట్టింది ఇదే. పేపర్ కష్టంగానే ఉంది, టైము సరిపోవట్లేదని పిల్లలే అంటున్నారు, కీ సరిగ్గా ఉంది. అయినా నెగటివ్‌లు మాత్రం అసలు పరీక్షలో పడినన్ని పడట్లేదు.

దొరికింది ఒకమ్మాయి రఫ్ వర్క్‌లో. బిట్ ఇది: 80 మీటర్ల ఎత్తు నుంచి జారవిడిచిన రాయి చివరి సెకనులో ఎంత దూరం పడుతుంది, g విలువ 10. మొత్తం పట్టే కాలం 4 సెకన్లు, మొదటి 3 సెకన్లలో 45 మీటర్లు, కాబట్టి జవాబు 35. ఆ అమ్మాయి పేపర్ అంచున ముందు 45 అని రాసి సున్నా చుట్టింది. తర్వాత దాన్ని రెండు గీతలతో కొట్టేసి, కింద 80 మైనస్ 45 వేసి 35 పెట్టింది. ఎందుకు కొట్టేసింది? మేమిచ్చిన ఆప్షన్లు 12, 35, 70, 100. అందులో 45 లేదు. అంటే తను తప్పు చేసిందని మా పేపరే తనకు చెప్పేసింది.

అసలు పరీక్షలో అలా చెప్పేవాళ్లు ఉండరు. అక్కడ 45 ఆప్షన్లలోనే ఉంటుంది. పిల్ల ధైర్యంగా దాన్నే నింపి ముందుకు పోతుంది, రావలసిన 4 పోయి ఇంకో 1 చేతి నుంచి పడుతుంది, తేడా 5. ఇలాంటివి పేపర్ మొత్తంలో 12 ఉంటే 60 మార్కులు. మనం వెతుకుతున్న తేడా దాదాపు అంతే కదా.

దీంట్లో ఇంకో చిక్కు ఉంది. ఆప్షన్లలో తన జవాబు లేక మళ్లీ లెక్క వేసిన పిల్లకు టైము కూడా ఎక్కువ పడుతుంది. అందుకే టైము చాలట్లేదు అంటారు, మనమేమో పేపర్ బాగా కష్టంగా పెట్టామని సంతోషిస్తాం.

రెండో వైపు గెస్. నాలుగు ఆప్షన్లూ నమ్మేలా ఉంటే గుడ్డిగా కొట్టిన బిట్‌కి సగటున వచ్చేది పావు మార్కు. చూడగానే తప్పని తెలిసిపోయే ఆప్షన్లు రెండుంటే అదే గెస్‌కి సగటున ఒకటిన్నర వస్తుంది. 30 బిట్లు అలా కొట్టిన పిల్లాడికి 45 మార్కులు ఊరికే వచ్చినట్టే. పైగా గెస్ కొడితే లాభమే అన్న అలవాటు కూడా మనమే నేర్పినట్టవుతుంది. మన దగ్గర ఇది ఎక్కువ, ఎందుకంటే రెండు రాష్ట్రాల ఈఏపీసెట్‌లోనూ నెగటివ్ లేదు. దానికోసం పోగేసుకున్న బిట్ బ్యాంకులో తప్పు ఆప్షన్ల గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నీట్ మాక్‌కి కూడా అందులోంచే తీస్తారు.

గెస్ సంగతి ఎక్సెల్ షీట్‌లో పట్టుకోవచ్చు. ఒక్కో విద్యార్థికి ఒక వరుస, ఒక్కో బిట్‌కి B నుంచి ఒక నిలువు గడి పెట్టి, పిల్లలు పెట్టిన ఆప్షన్ నంబరు రెండో వరుస నుంచి నింపండి. 60 మంది ఉంటే మొదటి బిట్‌లో ఒకటో ఆప్షన్‌ని ఎందరు పెట్టారో ఇలా వస్తుంది:

```
=COUNTIF(B$2:B$61,1)
```

చివరి 1 బదులు 2, 3, 4 పెట్టి మిగతావీ చూడండి. 60 మందిలో ముగ్గురు కూడా పెట్టని ఆప్షన్ పనిచెయ్యని ఆప్షన్. కాకపోతే 50 మంది రైటు పెట్టిన సులువు బిట్ల దగ్గర ఈ లెక్క వేసుకోకండి, అక్కడ తప్పు ఆప్షన్లు ఖాళీగా ఉండటం మామూలే.

కానీ 45 కొట్టేసి 35 పెట్టిన సంగతి ఈ లెక్కలో కనపడదు. షీట్‌లో అది రైటు జవాబే, బిట్ సులువైనదిగా కనిపిస్తుంది. అందుకే ఇంతకాలం దొరకలేదు. దానికి పది మంది పేపర్లు తీసుకుని రఫ్ వర్క్‌లో కొట్టివేతలు చూడటం ఒక్కటే దారి. కొట్టేసిన అంకె ఆప్షన్లలో లేకపోతే ఆ బిట్ మార్చాల్సిందే.

సరిచేసే పద్ధతి చెప్తాను. లెక్కల బిట్‌ని ముందు ఆప్షన్లు లేకుండా, ఖాళీ పూరించమని వేరే సెక్షన్‌లో పదిహేను మందికి ఇవ్వండి. వాళ్లు రాసిన తప్పు జవాబులే మీ ఆప్షన్లు. పై బిట్‌నే ఇలా ఇస్తే 45 వస్తుంది, చివరి వేగాన్ని దూరం అనుకున్నవాళ్ల నుంచి 40 వస్తుంది, మూడో సెకను చివర వేగాన్ని పెట్టినవాళ్ల నుంచి 30 వస్తుంది. ఇప్పుడు ఆప్షన్లు 30, 35, 40, 45. ప్రశ్నలో ఒక్క అక్షరం మారలేదు, కానీ బిట్ మారిపోయింది.

బయాలజీలో కూడా అంతే. క్లోమంలోని ఆల్ఫా కణాలు స్రవించే హార్మోన్ ఏదంటే, గ్లూకగాన్ పక్కన ఆక్సిన్, థైరాక్సిన్ పెడితే చదవని పిల్లాడు కూడా వాటిని పక్కన పెట్టేస్తాడు. ఇన్సులిన్, సొమాటోస్టాటిన్, గ్లైకోజెన్ పెట్టండి. మొదటి రెండూ పక్క కణాలవి, మూడోది హార్మోనే కాదు కానీ పేరు దగ్గరగా ఉండి హడావిడిలో చెయ్యి అటే పోతుంది.

180 బిట్లూ ఇలా చెయ్యక్కర్లేదు, అసలు పేపర్లో కూడా తేలిక బిట్లు ఉంటాయి. నేనైతే ముందు ఫిజిక్స్ 45, కెమిస్ట్రీలో లెక్కలున్నవి సరిచేస్తాను. మార్చిన ఆప్షన్ ఏ కోణంలోనూ రైటు కాకుండా చూసుకోండి, రెండు రైట్లున్న బిట్ వల్ల జరిగే గొడవ ఇంకా పెద్దది.

స్కానర్ తప్పు చదవడం, సెట్ కోడ్ తారుమారు కావడం లాంటివి అరుదు. ఒకే పిల్లాడికి హఠాత్తుగా 90 మార్కులొస్తే అప్పుడు చూసుకోండి. తెలుగు మీడియం పేపర్లో అనువాదం తేడా వస్తే నీట్‌లో లాగే ఇంగ్లీషు పాఠాన్నే ఖాయం చెయ్యండి.