క్యాన్సర్ మాత్ర కంటే ముందు బీపీ మిషన్ కొనండి

ప్రిస్క్రిప్షన్‌లో సునిటినిబ్, పజోపానిబ్, లెన్వాటినిబ్ లాంటి పేరు కనిపిస్తే, మొదటి మాత్ర వేసుకునేలోపే ఇంట్లో బీపీ మిషన్ ఉండాలి. నేను ఆస్పత్రి ఫార్మసీలో పనిచేస్తాను. ఈ మందు తీసుకెళ్లేవాళ్లు వాంతుల గురించి అడుగుతారు, జుట్టు ఊడుతుందా అని అడుగుతారు, బీపీ మాట ఎత్తేవాళ్లు చాలా తక్కువ.

కణితి పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలి, ఆ నాళాలు పుట్టించే సంకేతాన్ని ఈ మందులు ఆపేస్తాయి. చిక్కేమిటంటే మన మామూలు నాళాలు వదులుగా ఉండటానికీ అదే సంకేతం కావాలి. అది ఆగిపోతే నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, కొందరికి మొదటి వారంలోనే. నెలకోసారి ఓపీలో చూపిస్తే చాలు అనుకోవద్దు. లెన్వాటినిబ్‌కైతే మొదలుపెట్టిన వారం తర్వాత ఒకసారి, ఆపైన మొదటి 2 నెలలు 2 వారాలకోసారి, ఆ పైన కనీసం నెలకోసారి చూడాలని మందు సమాచారంలోనే ఉంటుంది. అది ఆస్పత్రి లెక్క, ఇంట్లో రోజూ చూసుకోవడమే మేలు. ముందు నుంచే బీపీ ఉన్నవాళ్లు అది అదుపులోకి వచ్చాకే మందు మొదలుపెట్టాలి. యూరిన్‌లో ప్రొటీన్ పోతోందా అన్న టెస్ట్ కూడా మొదట్లోనే చేయిస్తారు.

మా పెదనాన్నకి కిడ్నీ క్యాన్సర్. సునిటినిబ్ 4 వారాలు వేసుకోవాలి, 2 వారాలు ఆపాలి. మొదలుపెట్టకముందు వారం రోజుల సగటు 128/78. ఎనిమిదో రోజు 138/84, పన్నెండో రోజు పొద్దున 152/94, సాయంత్రం 150/92. ఆయనకి తలనొప్పి కూడా లేదు, "మిషన్ పాడైందిరా" అన్నాడు. మిషన్ బానే ఉంది. ఫోన్ చేస్తే డాక్టర్ టెల్మిసార్టాన్ 40 మొదలుపెట్టారు, వారంలో 132లోకి వచ్చింది. అసలు కథ తర్వాత. ఆ 2 వారాల విరామంలో బీపీ మాత్ర మాత్రం అలాగే వేసుకుంటుంటే, ఒక పొద్దున మంచం దిగి తూలి గోడ పట్టుకున్నాడు, చూస్తే 102/64! క్యాన్సర్ మందు ఆపితే బీపీ దిగుతుందని తెలిసినవాణ్ణి నేను, అయినా ముందే అడగలేదు. విరామంలో బీపీ మాత్ర తగ్గించాలా అని మొదటి రోజే రాయించుకోండి.

చూసేటప్పుడు కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి, కబుర్లు వద్దు. కాఫీ తాగి అరగంట కావాలి. పట్టీ చొక్కా చేతిమీద కాదు, చర్మం మీద చుట్టాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే లేని బీపీ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి, పొద్దున బీపీ మాత్రకి ముందు, మళ్లీ సాయంత్రం. పుస్తకంలో క్యాన్సర్ మందు ఎన్నో రోజు అన్న గడి కూడా గీయండి, డాక్టర్ ముందు అదే చూస్తారు.

ఎవరికి, ఏ అంకె దాటితే ఫోన్ చేయాలో రాతలో తీసుకోండి. మాకు రాసిచ్చింది ఇది: ఇంట్లో వరసగా 2 రోజులు 140/90 దాటితే ఫోన్, 160/100 దాటితే అదే రోజు ఫోన్. 180/110 దాటితే 5 నిమిషాలాగి మళ్లీ చూసి, అలాగే ఉంటే వెంటనే ఫోన్. దానితోపాటు విపరీతమైన తలనొప్పి, చూపు మసక, తికమక, ఫిట్స్, ఛాతీ నొప్పి వీటిలో ఏది ఉన్నా ఫోన్ కోసం ఆగకుండా క్యాజువాలిటీకే. మందు కొన్నాళ్లు ఆపాలా అన్నది వాళ్లు చెప్తారు, మీరు తేల్చొద్దు. పక్కింటాయన బీపీ మాత్ర అస్సలు వేసుకోవద్దు, డిల్టియాజెమ్, వెరాపమిల్ లాంటివి సునిటినిబ్‌ని ఒంట్లో పేరుకునేలా చేస్తాయి. ఒళ్లు నొప్పులకి డైక్లోఫెనాక్, జలుబుకి ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మాత్ర అడక్కుండా కొనడం కూడా బీపీని ఎగదోస్తుంది.

బీపీ పెంచేవి క్యాన్సర్ మందులే కాదు, కొన్ని డిప్రెషన్ మందులూ పెంచుతాయి, అన్నిటికీ మాత్రం ఇంత భయం లేదు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్‌లతో సాధారణంగా బీపీ పెరగదు. వెన్లాఫాక్సిన్ వేరు, డోసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా రోజుకి 300 మిల్లీగ్రాములు దాటితే బీపీ పెరిగి అలాగే ఉండిపోయేవాళ్లు ఎక్కువవుతారు. మొదలుపెట్టే ముందు, డోసు పెంచిన ప్రతిసారీ చూపించండి. పెరిగిందని ఒక్కసారిగా మానేయొద్దు, తల తిరగడం, ఒంట్లో షాక్ కొట్టినట్టుండటం మొదలవుతాయి.

పిల్లల ఏకాగ్రతకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్, అటొమాక్సెటిన్‌లతో బీపీ, నాడి చాలామందికి కొంచెమే పెరుగుతాయి. మొదట్లో, డోసు మారినప్పుడల్లా, ఆ తర్వాత ఆరు నెలలకోసారి రెండూ చూడాలి. పిల్లల బీపీని మన 120/80తో పోల్చకూడదు, వయసు, ఎత్తు పట్టికతో చూడాలి. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ల పట్టీ ఆరేళ్ల పిల్లాడి చేతికి చుడితే అసలు కంటే తక్కువ చూపిస్తుంది, చిన్న పట్టీ విడిగా దొరుకుతుంది, అడగండి.