ఒడియా కాగితం ఏఐలో పెట్టే ముందు: రాయగడ, బరంపురం ఆఫీసుల్లో కొత్తగా చేరినవారికి

రాయగడ, గుణుపురం, బరంపురం వైపు ఆడిటర్ ఆఫీసులోనో, లోను కన్సల్టెన్సీలోనో కొత్తగా చేరిన తెలుగువాళ్లకు ముందుగా తగిలే చిక్కు ఒడియా కాగితాలు. బజార్లో తెలుగుతో నెట్టుకురావచ్చు, దస్తావేజు దగ్గర అది కుదరదు. ఫొటో తీసి చాట్‌జీపీటీలోనో జెమినైలోనో పెట్టి అర్థం అడగాలనిపిస్తుంది. ఆఫీసు పాలసీ వద్దనేది సరిగ్గా ఈ పనినే.

టూల్ పేరు కంటే, ఏ ఖాతాతో లాగిన్ అయ్యారన్నది ముఖ్యం. సొంత జీమెయిల్‌తో తెరిచిన చాట్‌జీపీటీ ఖాతాలో మనం పెట్టినదాన్ని మోడల్ శిక్షణకు వాడుకునే సెట్టింగు ముందే ఆన్‌లో ఉంటుంది. Data controls లోకి వెళ్లి Improve the model for everyone ఆఫ్ చేయవచ్చు. అలా చేసినా కాగితం బయటి సర్వరుకు చేరినట్టే. డిలీట్ చేసిన చాట్ పూర్తిగా పోవడానికి 30 రోజుల దాకా పట్టవచ్చు. కంపెనీ డబ్బు కట్టి తీసుకున్న బిజినెస్ ఖాతాలో శిక్షణకు వాడబోమన్న ఒప్పందం ఉంటుంది. అందుకే చేరిన రోజే అడగండి: ఆఫీసు ఖాతా ఉందా, అందులో క్లయింటు కాగితాలు పెట్టడానికి అనుమతి ఉందా? రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఆడిటర్ ఆఫీసులో ఇది మరీ సున్నితం. క్లయింటు సమ్మతి లేకుండా అతని సమాచారం బయటపెట్టడం చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం వృత్తిపరమైన తప్పు. మీరు పెట్టిన ఫొటోకు సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీ సారే.

ఒక ఉదాహరణ చూద్దాం. రైస్ మిల్లు యజమాని ఒకరు లోను కోసం భూమి పట్టా, బ్యాంకు స్టేట్‌మెంటు, జీఎస్టీ రిటర్నులు ఇచ్చారు. పట్టా ఒడియాలో ఉంది. అందులో రైతు పేరు, తండ్రి పేరు, కులం, నివాసం ఒకేచోట వరుసగా ఉంటాయి. ఫొటో పెడితే అవన్నీ ఒకేసారి వెళ్లిపోతాయి. భూలేఖ్ సైట్లో ఎవరైనా చూడగలిగే పట్టాయే కదా అనిపించవచ్చు. పట్టా బహిరంగమే, కానీ ఆ భూమి మీద ఫలానా మిల్లు యజమాని లోను అడుగుతున్నారన్న సంగతి బహిరంగం కాదు. పట్టాను స్టేట్‌మెంటుతో కలిపి పెడితే బయటపడేది ఆ సంగతే.

నిజానికి మీకు అర్థం కావాల్సింది పేర్లూ నంబర్లూ కాదు, అచ్చు ఫారంలోని మాటలు. ఖాతా, మౌజా, కిసమ్ లాంటివి ప్రతి పట్టాలోనూ అవే ఉంటాయి. కిసమ్ అంటే భూమి తరగతి. అక్కడ ఘరబారి అని ఉంటే ఇంటి స్థలం. విస్తీర్ణం ఎకరాలు, డెసిమళ్లలో ఉంటుంది. డెసిమల్ మన సెంటే, వంద కలిస్తే ఎకరం. ఖాళీ ఫారంలోని ఈ మాటలు ఒక్కసారి ఒడియా వచ్చిన సహోద్యోగి దగ్గర రాసుకుంటే పట్టాలకు ఏఐ అవసరమే తక్కువ. దస్తావేజులో ఏదైనా వాక్యం కొరుకుడు పడకపోతే ఆ వాక్యమొక్కటే టైపు చేసి, పేరు ఉన్నచోట "అ", ఊరు ఉన్నచోట "ఊరు-1" అని పెట్టి అడగండి. కులం గడిని మాత్రం ఏఐ అనువాదానికి వదలొద్దు, మనిషి చేతే చదివించండి. రాయగడ, కోరాపుట్ షెడ్యూల్డ్ ప్రాంతాలు. ఆ భూమి అమ్మినవారు గిరిజనులైతే, గిరిజనుల భూముల బదిలీని నియంత్రించే 1956 నాటి రెండో రెగ్యులేషన్ అడ్డొస్తుంది, తాకట్టు చెల్లుతుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడుతుంది.

పేర్లు మార్చేటప్పుడు ఎక్కువగా తప్పిపోయేది జీఎస్టీ నంబరు. పాన్ కొట్టేసి దీన్ని వదిలేస్తారు. 15 అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రం కోడ్ (ఒడిశాకు 21), తర్వాతి పది అచ్చంగా పాన్ నంబరే:

```
21AAAAA0000A1Z5
  AAAAA0000A
```

పీడీఎఫ్‌లో నల్ల గీత గీసి పంపడం కూడా చాలదు. కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే కనబడతాయి. పంపేముందు మీరే అతికించి చూసుకోండి. ఎక్సెల్ ఫైలు నేరుగా ఎక్కిస్తే దాచిన షీట్లూ దాంతోపాటే వెళతాయి. కావలసిన గడులను కొత్త ఫైల్లోకి విలువలుగా మాత్రమే తీసుకోవాలి. పేరు తీసేసినా, "గుణుపురం రోడ్డులో రెండు బాయిలర్ల మిల్లు" అని రాస్తే ఈ చిన్న ఊళ్లలో అది ఎవరిదో అందరికీ తెలుస్తుంది. అలాంటి ఆనవాళ్లు కూడా తీసేయాలి.

పొరపాటున ఇప్పటికే ఏదైనా పెట్టేసి ఉంటే, ముందు చాట్ స్క్రీన్‌షాట్ తీసి ఏ ఖాతా, ఏ ఫైలు, ఎన్ని గంటలకు అన్నది రాసిపెట్టుకోండి. ఆ తర్వాతే డిలీట్ చేయండి. ముందే చెరిపేస్తే ఏం వెళ్లిందో సారుకు తెలియదు, క్లయింటుకు చెప్పాల్సింది ఎంతో తేల్చలేరు. ఆ చాట్‌కు షేర్ లింకు ఇచ్చి ఉంటే దాన్ని వేరుగా రద్దు చేసి, అదే రోజు సారుకు చెప్పండి.