ఎండల్లో ఈవీలో విజయవాడ వెళ్తున్నారా? రెండో చార్జర్ లెక్క వేశాకే బయలుదేరండి

ఈ మధ్య మా బంధువుల కుటుంబం ఒకటి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ కోదాడలో ఇరుక్కుపోయింది. చార్జర్ దగ్గరికి చేరేసరికి బ్యాటరీలో 9 శాతమే ఉంది. చార్జర్ పనిచేయడం లేదు. తర్వాతిదాకా వెళ్లే చార్జ్ లేదు. మండే ఎండలో, కారులో ఒక పెద్దావిడ, చంటిబిడ్డ. వేసవి సెలవులకు చాలామంది ఇదే దారి పట్టబోతున్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

ఈవీలతో జనం పడే ఇబ్బందుల్లో నేను ఎక్కువగా చూసిన తప్పు ఒక్కటే. చార్జర్ వరకు చేరితే చాలనుకుంటారు. చాలదు. అది పాడైతే ఇంకో చార్జర్‌కి వెళ్లేంత చార్జ్ మిగిలి ఉండాలి.

ముందు స్క్రీన్ మీద కనిపించే కిలోమీటర్ల సంగతి. మీరు ఇటీవల ఎలా నడిపారన్నదాన్ని బట్టి కారు ఆ అంకె చూపిస్తుంది. వారమంతా సిటీలో 40, 50 వేగంతో తిరిగిన కారు హైవే ఎక్కే ముందు 290 చూపిస్తే అది సిటీ లెక్క. షోరూంలో చెప్పే, ఏఆర్ఏఐ పరీక్షలో తేలిన అంకె నిజానికి ఇంకా దూరం. ఆ పరీక్షలో వేగం 90 దాటదు. రెండింటినీ పక్కన పెట్టి యూనిట్ కరెంటుకి, అంటే ఒక కిలోవాట్ అవర్‌కి, ఎన్ని కిలోమీటర్లు వస్తుందో చూసుకోండి.

40 యూనిట్ల బ్యాటరీ ఉన్న మామూలు ఎస్‌యూవీ అనుకుందాం. 80 వేగంతో వెళ్తే యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్ల దాకా రావచ్చు. 110తో, నలుగురు మనుషులు, ఏసీతో వెళ్తే ఐదు వస్తే గొప్ప. వేగం 80 నుంచి 110కి పెరిగితే గాలి నిరోధం దాదాపు రెట్టింపు అవుతుంది. ఇక్కడ బరువు కన్నా వేగానిదే పెద్ద దెబ్బ. చదునైన హైవే మీద మనుషుల బరువు అంత తేడా చేయదు, కానీ టాప్ మీద క్యారియర్ కట్టి సామాను పెడితే గాలికి అడ్డుపడి గట్టిగా తినేస్తుంది. బరువు అసలు ప్రభావం కనిపించేది ఘాట్ ఎక్కేటప్పుడు.

ఇప్పుడు దారి చూడండి. ఎల్బీనగర్ నుంచి సూర్యాపేట సుమారు 130, కోదాడ 175, విజయవాడ 270 కిలోమీటర్లు. 110తో వెళ్లి కోదాడలోనే ఆగుదామనుకుంటే 35 యూనిట్లు ఖర్చవుతాయి, 5 మిగులుతాయి. అంటే 25 కిలోమీటర్లు. వెనక్కి సూర్యాపేటా అందదు, ముందుకి నందిగామా అందదు. మా వాళ్లు ఇరుక్కున్నది ఇలాంటి లెక్కలోనే.

అదే సూర్యాపేటలో ఆగితే 26 యూనిట్లు పోయి 14 మిగులుతాయి. చార్జర్ పాడైనా 45 కిలోమీటర్ల కోదాడకి హాయిగా వెళ్లొచ్చు. సూర్యాపేటలో 80 శాతం దాకా పెట్టుకుని, మిగతా 140 కిలోమీటర్లు 90 వేగంతో వెళ్తే యూనిట్‌కి ఆరు చొప్పున 23 యూనిట్లు ఖర్చు, 9 మిగులు. అదే 110తో వెళ్తే మిగిలేది 4. వేగం తగ్గించినందుకు ఆలస్యం పావుగంట.

ఎండ మరో రకంగానూ దెబ్బ కొడుతుంది. వేగంగా నడిపి వేడెక్కిన బ్యాటరీని వెంటనే డీసీ చార్జర్‌కి పెడితే, దాన్ని కాపాడుకోవడానికి కారే చార్జింగ్ నెమ్మదింపజేయవచ్చు. 30 నిమిషాలనుకున్నది 50 కావచ్చు. 80 శాతం దాటాక ఎలాగూ నెమ్మదే, కాబట్టి ఇంకా ఎక్కించడానికి కూర్చోకుండా బయలుదేరండి. టోల్ దగ్గర క్యూలో ఆగినా ఏసీ గంటకి ఒక యూనిట్, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తాగుతుంది.

బయలుదేరే ముందు, దారిలో:

- ప్రతి స్టాప్‌కీ రెండో చార్జర్ రాసుకోండి. అదే ఆవరణలో పక్క చార్జింగ్ గన్ రెండోది కాదు. కరెంటు పోతే రెండూ పోతాయి.
- యాప్‌లో పచ్చగా కనిపిస్తే నమ్మేయకండి. ఆ రోజు లేదా ముందు రోజు ఎవరైనా చార్జ్ చేసుకున్నారేమో చూడండి.
- యాప్‌లు ఇంట్లోనే దింపుకుని, వ్యాలెట్‌లో డబ్బులు వేసుకోండి. హైవే మీద ఓటీపీ రాకపోతే గన్ చేతిలో పట్టుకుని నిలబడాలి.
- టైర్లలో గాలి డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఫుల్ లోడ్‌కి రాసినంత ఉండాలి.
- ఇంట్లో ప్లగ్ ఉండగానే ఏసీ వేసి కారు చల్లబరచండి.
- మొదటి 50 కిలోమీటర్లయ్యాక ఎన్ని యూనిట్లు పోయాయో చూడండి. లెక్క తప్పితే అప్పుడే వేగం తగ్గించండి, 15 శాతం దగ్గర కాదు.
- 20 శాతం కన్నా తక్కువతో ఏ చార్జర్ దగ్గరికీ చేరేలా ప్లాన్ వేయకండి.
- మళ్లీ చెబుతున్నా, రెండో చార్జర్‌కి సరిపడా చార్జ్ లేకపోతే మొదటిదాన్ని దాటకండి, ఆగండి.
- అయినా కారు ఆగిపోతే తాడు కట్టి లాగనివ్వకండి. చక్రాలు తిరిగితే మోటారులో కరెంటు పుట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ బండే పిలవండి.