తరుగు 6 శాతం అన్నది చూసి మోసపోకండి

గొలుసు కోసం విజయనగరం గంటస్తంభం దగ్గర రెండు షాపులు తిరిగాం. ఒకరు తరుగు 12 శాతం, మజూరీ లేదన్నారు. ఇంకొకరు తరుగు 6 శాతమే, మజూరీ గ్రాముకు 600 అన్నారు. ఏది చవకో అర్థం కాలేదు.

జీఎస్టీ కలపకముందు ధరను నికర బరువుతో భాగించి, అందులోంచి ఆ రోజు 22 క్యారెట్ల గ్రాము రేటు తీసేయండి. మిగిలిందే అసలు అదనం. రేటు 9,000 అనుకుంటే, 8 గ్రాముల గొలుసు మొదటి షాపులో 80,640, అంటే గ్రాముకు 1,080 అదనం. రెండోచోట 81,120, అదనం 1,140. 'తక్కువ తరుగు' షాపే ఎక్కువ!

రెండూ 916 హాల్‌మార్క్‌వే అయ్యుండాలి, రేటు ఒకే రోజుది కావాలి. రాళ్ల నగకు మాత్రం ఈ లెక్క కుదరదు. రాళ్ల బరువు, ధర విడిగా రాయించుకుని తీసేశాకే భాగించండి.