మిర్చి గోడౌన్ ఫ్లోర్: ఫైబర్ కలిపే ముందు జాగ్రత్తలు

గుంటూరులో గోడౌన్ ఫ్లోర్‌కి డిజైనర్ ఘనపు మీటరు కాంక్రీటుకి 25 కిలోల స్టీల్ ఫైబర్, అంటే సన్నని ఉక్కు తీగముక్కలు, ఇచ్చాడనుకుందాం.

• ముందు కాంక్రీటు లారీ చలానా చూడండి. లారీలో 6 ఘనపు మీటర్లుంటే 150 కిలోలు, అంటే 25 కిలోల సంచులు ఆరు. చివరి లారీ 4 మీటర్లే తెస్తే 100 కిలోలే. అలవాటుగా ఆరూ పోసేస్తే మీటరుకి 37.5 కిలోలవుతుంది, ఫైబర్ ఉండలు కట్టొచ్చు.

• ప్లాస్టిక్ ఫైబర్‌కి ఈ లెక్క పనికిరాదు. మీటరుకి 900 గ్రాములు వేసే సన్నరకం పచ్చి కాంక్రీటులో పగుళ్లను తగ్గిస్తుందంతే. స్టీల్‌కి బదులుగా దాన్ని ఒప్పుకోకండి. బరువు మోసే లావురకం వేరు, దాని మోతాదు డిజైనరే చెప్పాలి.

• లారీ డ్రమ్ము పూర్తి వేగంతో తిరుగుతుండగా కొద్దికొద్దిగా వేయించండి. అంతా పడ్డాక ఐదు నిమిషాలైనా తిప్పాలి. కాంక్రీటు బిగుసుకున్నట్టు కనిపిస్తుంది, మేస్త్రీ నీళ్లడుగుతాడు. నీళ్లు మాత్రం వద్దు, ప్లాంటు వాళ్ల చేత కాంక్రీటును జారేలా చేసే అడ్మిక్స్చర్ వేయించండి.

• అనుమానముంటే లారీ మొదట్లో, మధ్యలో, చివర్లో పది లీటర్ల చొప్పున తీసి కడిగి, అయస్కాంతంతో ఫైబర్ ఏరి, ఆరబెట్టి తూచండి. ఒక్కోదానిలో దాదాపు 250 గ్రాములుండాలి. మూడింటికీ పొంతన లేకపోతే సరిగా కలవలేదన్నమాట. ఇంకాసేపు తిప్పించి మళ్లీ తూచాకే పోయనివ్వండి.