తుంటి ఇంప్లాంట్ల పదార్థాలు, 3వ పాఠం: స్టెమ్‌కు టైటానియం, బంతికి సిరామిక్ ఎందుకు?

యంగ్ గుణకం Eని అడ్డుకోత ఆకారాన్ని బట్టి వచ్చే I విలువతో గుణించి వంపు దృఢత EI ఎలా కట్టాలో రెండో పాఠంలో చూశాం. ఇప్పుడు దాన్ని ఒక తొడ ఎముక మీద వాడదాం. కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ఎముక నడిమి భాగంలో బయటి వ్యాసం 28 మి.మీ., లోపలి మజ్జ కాలువ 14 మి.మీ. అనుకుందాం. ఆ కాలువను నిండుగా పట్టే 14 మి.మీ. గుండ్రటి స్టెమ్, అంటే కీలు బంతిని మోసే లోహపు కడ్డీ, దించాం. గట్టి ఎముక యంగ్ గుణకం సుమారు 17 గిగాపాస్కల్, Ti-6Al-4V మిశ్రలోహానిది 110, కోబాల్ట్-క్రోమియంది 220. కంచన్‌బాగ్‌లో మిధాని తయారుచేసే టైటానియం మిశ్రలోహాల్లో ఈ Ti-6Al-4V కూడా ఒకటి. ఇంప్లాంటు కోసం కొనే కడ్డీ అయితే సర్టిఫికెట్ మీద ISO 5832-3 ఉందో లేదో చూడాలి.

```
I ఎముక      = π(28⁴ − 14⁴)/64   = 28,286 mm⁴
I స్టెమ్      = π × 14⁴/64        = 1,886 mm⁴
EI ఎముక     = 17,000 × 28,286   → 481 N·m²
EI టైటానియం  = 110,000 × 1,886   → 207 N·m²
EI Co-Cr    = 220,000 × 1,886   → 415 N·m²
```

గిగాపాస్కల్‌ను N/mm² చేయడానికి వెయ్యితో గుణించాం, చివర 10⁶తో భాగించి N·m² చేశాం. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఎముక, స్టెమ్ పక్కపక్కనే కలిసి వంగుతాయి కాబట్టి వంపు భారాన్ని ఎవరి EI నిష్పత్తిలో వాళ్లు మోస్తారు. టైటానియం పెడితే ఎముక వాటా 481/(481+207), అంటే 70 శాతం. కోబాల్ట్-క్రోమియం అయితే 54 శాతం. ఆపరేషన్‌కు ముందు మొత్తం భారం ఎముకదే. మోయాల్సిన బరువు తగ్గిన చోట శరీరం ఎముకను కరిగించుకుంటుంది. ఎక్స్‌రేలో ఇది ముందుగా కనబడేది తొడ ఎముక మెడ లోపలి అంచున, స్టెమ్ పైభాగం పక్కన. అక్కడ ఎముక పలచబడి అంచు గుండ్రబడుతుంది. స్టెమ్ కింది కొన దగ్గర మాత్రం, బరువంతా అక్కడే దిగుతుంటే, ఎముక మందమెక్కుతుంది. ఈ రెండు గుర్తులూ ఒకే ఫిల్మ్‌లో ఉంటే భారం పైభాగాన్ని దాటేసి కిందికి పోతోందని అర్థం.

ఇంతవరకూ చదివి ‘టైటానియం వాడితే చాలు’ అనుకోకండి. ఇదే రోగికి కాలువను తొలిచి 18 మి.మీ. టైటానియం స్టెమ్ పెడితే? ఎముక EI 425కి తగ్గుతుంది, స్టెమ్ EI 567కి పెరుగుతుంది. ఎముక వాటా 43 శాతమే. అంటే లావు టైటానియం స్టెమ్, సన్న కోబాల్ట్-క్రోమియం స్టెమ్ కన్నా ఎముకను ఎక్కువ కాపు కాస్తోంది, అది ఎముకకు మంచిది కాదు. పదార్థం మార్చితే దృఢత సగమవుతుంది, అంతే. వ్యాసం మాత్రం నాలుగో ఘాతంలో పనిచేస్తుంది. నాలుగు మిల్లీమీటర్లు పెరిగితే స్టెమ్ దృఢత 2.7 రెట్లు. టైటానియం మేలంతా సరిపడా సైజులోనే ఉంది.

అలాగని దృఢత తగ్గించుకుంటూ పోతే ఎంతైనా మంచిదనీ కాదు. మరీ వంగే స్టెమ్ పైభాగంలో ఎముకతో కలిసే తలం మీద కోత బలాన్ని పెంచుతుంది. అక్కడ కదలిక సుమారు 150 మైక్రోమీటర్లు దాటితే ఎముక అతుక్కోదు, మధ్యలో పీచు కణజాలం పెరిగి స్టెమ్ వదులవుతుంది. పై లెక్క కూడా గట్టిగా అతుక్కున్న స్టెమ్‌కే, అదీ నడిమి భాగానికే వర్తిస్తుంది.

మరి బంతిని కూడా టైటానియంతోనే చేయొచ్చు కదా? చేయకూడదు. టైటానియం తుప్పును ఆపేది దాని మీదున్న కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర. రాపిడికి అది చిరుగుతుంది. మళ్లీ క్షణంలో ఏర్పడుతుంది గానీ, ఊడినదంతా కీలులోనే గట్టి పొడిగా మిగిలి రాస్తుంది. బాలానగర్ వర్క్‌షాపుల్లో టైటానియం బోల్టును టైటానియం నట్‌లో బిగించినవాళ్లకు అది పట్టేసుకోవడం తెలుసు. అదే గుణం కీలులో పనికిరాదు.

అల్యూమినా బంతి దీనికి పూర్తిగా భిన్నం. అది ముందే ఆక్సైడ్, ఇంక ఆక్సీకరణం చెందడానికి ఏమీ లేదు. కాఠిన్యం టైటానియం కన్నా చాలా ఎక్కువ, పాలిష్ చేస్తే ఉపరితలం నునుపు నానోమీటర్లలో ఉంటుంది. అసలు తేడా గీత పడినప్పుడు తెలుస్తుంది. లోహం మీద గీత పడితే దాని రెండు అంచులూ కట్టలా పైకి లేస్తాయి. ఆ కట్ట ప్రతి అడుగుకీ, బంతి తిరిగే పాలిథిలీన్ గిన్నెను చెక్కుతుంది. సిరామిక్ మీద గీత పడ్డా అలాంటి అంచు లేవదు. గిన్నె నుంచి రాలిన సూక్ష్మ రేణువులను శరీర కణాలు మింగి, ఎముకను కరిగించే సంకేతాలు పంపుతాయి. ఇక్కడ అరుగుదల అంటే భయపడేది గిన్నె పలచబడటం కన్నా దీని గురించే.

ఒక సందేహం రావాలి: అల్యూమినా గుణకం సుమారు 380 గిగాపాస్కల్, మరి ఎముక మీద కాపు పడదా? పడదు. స్టెమ్ ఎముక పక్కన సమాంతరంగా భారం పంచుకుంటుంది. బంతి దానికి పైన, వరుసలో ఉంటుంది. వచ్చిన భారమంతా కిందికి అందిస్తుందే తప్ప ఎముక వాటా లాక్కోదు.

సిరామిక్ బలహీనత పెళుసుదనం. 2001లో ఒక ఫ్రెంచ్ తయారీదారు జిర్కోనియా బంతులు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కాల్చే కొలిమి పద్ధతి మార్చిన తర్వాత వచ్చిన కొన్ని బ్యాచ్‌లలో బంతులు శరీరంలో పగిలాయి. అందుకే ఇప్పుడు ఎక్కువగా వాడేది అల్యూమినాలో కొంత జిర్కోనియా కలిపిన మిశ్రమం. బంతి పగిలితే ముక్కలన్నీ ఏరినా కంటికి కనబడని పొడి మిగులుతుంది. ఆ కీలులో మళ్లీ లోహపు బంతి పెడితే పొడి దాన్ని అరగదీస్తుంది, కాబట్టి సిరామిక్ బంతే పెట్టాలి.

తుప్పు సమస్య ఉన్నది బంతి, స్టెమ్ కలిసే శంకువు దగ్గర, అంటే టేపర్ వద్ద. ఆ సన్నని సందులో ఉప్పు ద్రవం నిలుస్తుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, ఆమ్లత పెరుగుతుంది. ప్రతి అడుగుకీ సూక్ష్మ కదలిక వల్ల పొర చిరుగుతూనే ఉంటుంది. ఎదుట కోబాల్ట్-క్రోమియం బంతి ఉంటే అది కరిగి నల్లటి పేస్టు చేరుతుంది, గజ్జలో నొప్పి వస్తుంది, రక్తంలో కోబాల్ట్ క్రోమియం కన్నా ఎక్కువగా పెరుగుతుంది. సిరామిక్ బంతి వాడితే కోబాల్ట్ వనరు పోతుంది. టైటానియం వైపు కొద్దిపాటి రాపిడి మాత్రం ఉంటుంది.

ఇది బిగింపు మీద కూడా ఆధారపడుతుంది. టేపర్‌ను తడిలేని గాజ్ గుడ్డతో తుడవాలి. రక్తం, కొవ్వు, ఎముక పొడి ఏదీ ఉండకూడదు. బంతిని చేత్తో తిప్పి కూర్చోబెట్టి, అక్షం వెంబడి ప్లాస్టిక్ ఇంపాక్టర్‌తో గట్టిగా కొట్టాలి. పాత స్టెమ్‌ను ఉంచి బంతి మాత్రమే మార్చేటప్పుడు, గీతలు పడిన టేపర్ మీద కొత్త సిరామిక్ బంతిని నేరుగా ఎక్కించకూడదు. ఒక్క చోట బరువు పడి పగులుతుంది, అందుకే టైటానియం తొడుగున్న బంతి వాడతారు. టేపర్ మీద సైజు 12/14 అని రాసినంత మాత్రాన ఇద్దరు తయారీదారుల టేపర్లు ఒకటి కావు, కలపకండి.

అభ్యాసం: ముసలి ఎముక, బయట 26 మి.మీ., కాలువ 16 మి.మీ., నిండుగా టైటానియం స్టెమ్. ఎముక వాటా కట్టండి (48 శాతం రావాలి). తర్వాత స్టెమ్ మధ్యలో 8 మి.మీ. రంధ్రం చేసినట్టు తీసుకుని మళ్లీ కట్టండి. వాటా 50 శాతానికి కూడా చేరదు. కేంద్రం దగ్గరి లోహం వంపుకు ఎంత తక్కువ అడ్డుపడుతుందో రెండు I విలువలు పక్కపక్కన రాసుకుని చూడండి.